ఒకటిన్నర రెట్ల మసక

నా పని మీద నాకే రోత పుట్టిన రోజుల గురించి ఇది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో కాదు, ముందు నా మీదే.

శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు సరుకుల గేటుకు దగ్గరలో ఒక రవాణా ఆఫీసు. అక్కడ కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. అత్తాపూర్ నుంచి రోజూ బండి మీద వెళ్ళి, ఆరాంఘర్ దగ్గర లారీల పొగంతా మింగి, సీట్లో కూర్చునేసరికి సగం చిరాకు అప్పటికే ఎక్కి ఉంటుంది. మిగతా సగం మా మేనేజరు గారు పెడతారు.

మా ఆఫీసులో బుకింగ్ సీటు ఒక అక్కది. మహేశ్వరం పక్క ఊరామె. నాకంటే పెద్దది, పదకొండేళ్ళుగా ఆ సీట్లోనే ఉంది. మందుల పెట్టెలు గోడౌన్‌కు వస్తాయి. ఏ పెట్టె ఏ రాక్‌లో ఉందో మా పాత ప్రోగ్రాం చెబుతుంది, దాంతో పని అక్కకొక్కదానికే. విమానం టైము కాగానే అక్క తెర మీద రాక్ నంబరు చూసి, మార్కరుతో చీటీ మీద ఇంతింత అంకెలు రాసి హమాలీకి ఇస్తుంది. అతను ఆ రాక్ నుంచి పెట్టె తెస్తాడు. చీటీ తప్పయితే పెట్టె దొరకదు, విమానం ఆగదు. అన్నేళ్ళలో ఆమె చీటీ తప్పడం నేను వినలేదు.

మేం వాడేది లినక్స్. లైసెన్సుల ఖర్చు లేదని పైవాళ్ళు పెట్టించారు, నాకూ ఇష్టమే. ఆ మధ్య అందరికీ కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. చిన్న తెరలో బోలెడు చుక్కలు, అంటే పిక్సెల్స్, కూరిన రకం. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి ఆ తెరను నూట యాభై శాతానికి పెట్టాను, అంటే ప్రతిదీ ఒకటిన్నర రెట్లు పెద్దగా. పక్కనే పాత పెద్ద మానిటర్, దానికి వంద శాతం చాలు. ఆ మానిటర్ మేనేజరు గారి ఆజ్ఞ ప్రకారం కౌంటరు వైపు తిరిగి ఉంటుంది. వచ్చిన ఏజెంట్లు తమ సరుకు ఎక్కడిదాకా వచ్చిందో బ్రౌజరులో చూసుకోవాలట. అక్క మాత్రం పనంతా ల్యాప్‌టాప్ తెర మీదే చేయాలి.

తెర మీద అన్నిటినీ గీసి చూపించేది డిస్‌ప్లే సర్వరు; రెండు తెరలకు రెండు కొలతలు పెట్టడం పాతదాంట్లో పెద్ద తలనొప్పి. కొత్త డిస్‌ప్లే సర్వరు, వేలాండ్, దానికి హాయిగా ఒప్పుకుంటుంది. అన్ని మిషన్లూ దానికి మార్చి, ఒక్క పూటలో ముగించానని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. నా మొహం!

వారం తిరక్కుండా అక్క నా దగ్గరికి వచ్చింది.

"సారూ, జర నా మిషిన్ సూడు. అంకెలన్ని అలుక్కపోయినట్టు కొడుతున్నయ్. ఆరేదో ఎనిమిదేదో ఎర్కైతలేదు."

"ఎందులో అక్కా? అన్నిట్లోనా?"

"మన పాత దాంట్లనే. మెయిల్ గియిల్ మంచిగనే ఉన్నయ్."

ఆ ఒక్క మాటలోనే జవాబంతా ఉంది. నేను విన్నాను, విని వదిలేశాను. మా లాంటి వాళ్ళకు ఒక పాడు అలవాటుంది. మనిషి దగ్గరికి వెళ్ళం, మిషన్‌నే మన బల్ల దగ్గరికి తెచ్చుకుంటాం. ఆమె ల్యాప్‌టాప్ తీసుకొచ్చాను. మూత మూసి, నా బల్ల మీది మానిటరుకు తగిలించి, ప్రోగ్రాం తెరిచాను. అంకెలు అద్దంలా ఉన్నాయి. ఉండవూ మరి, నా మానిటర్ వంద శాతం మీద ఉంటే! ల్యాప్‌టాప్ సొంత తెర మీద ఒక్కసారీ చూడలేదు. టిఫిన్ టైమయింది, చేతులు దులుపుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆమె ఫిర్యాదు నమోదు చేసిన టికెట్ మూసేస్తూ ఇలా రాశాను: 'మిషన్ పరీక్షించాను, లోపం లేదు. కంటి పరీక్ష చేయించుకుంటే మంచిది.' ఏదో పెద్ద సలహా ఇచ్చినట్టు! బుద్ధి గడ్డి తిని రాసిన వాక్యం అది.

ఆ వారంలోనే రెండు చీటీలు తప్పాయి. రెండోసారి మందుల పెట్టెలు విమానం ఎక్కలేదు, కంపెనీవాళ్ళు ఫోన్లో మేనేజరు గారిని కడిగేశారు. ఆయన ఆ మురికంతా తెచ్చి అందరి ముందూ అక్క మీద కుమ్మరించారు.

"ఏమ్మా, కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా? ఐటీ వాళ్ళు రాసి ఇచ్చారు, మిషన్‌లో ఏమీ లేదని!"

ఐటీ వాళ్ళు అంటే నేను. అక్క నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను. ఛీ, అదేం బతుకు! నోరు తెరిచి 'ఇంకోసారి చూస్తాను సార్' అనడానికి ఎంతసేపు పడుతుంది?

మర్నాటి నుంచి అక్కను గోడౌన్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చిన పెట్టెలు లెక్కపెట్టడం, దుమ్ములో, రేకుల కింద ఎండలో. నెలాఖరుకు ఆ పని కూడా కాంట్రాక్టు మనుషులకు ఇచ్చేస్తారని ఆఫీసులో అందరికీ తెలుసు. అంటే ఆమె ఉద్యోగానికి మిగిలింది ఆ కొద్ది రోజులే.

రెండు వారాలు గోడౌన్‌లోని పాత పెద్ద మానిటర్ చూసి ఎవరో ఒకరు చీటీలు రాశారు. ఆ తర్వాత, ఖాళీ సీట్లోకి కొత్తమ్మాయి వస్తోందని, మిషన్ సిద్ధం చేయమని మేనేజరు గారు చెప్పారు. మొదటిసారి వెళ్ళి అక్క కుర్చీలో కూర్చున్నాను. అప్పుడే హమాలీ వచ్చాడు.

"అన్నా, జల్ది రాక్ నంబర్ చెప్పు. బండి నిలవడ్డది."

చూసి చెప్పాను, ముప్పై ఎనిమిది అని. అతను వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఆడ ఏం లేదన్నా. నువ్వు గూడ గట్లనే చెప్తున్నవేంది?"

ముక్కు తెరకు ఆనేదాకా వంగి చూశాను. ముప్పై ఆరు! అంకెల అంచులన్నీ బూడిద పూసినట్టున్నాయి. పక్కనే మెయిల్ అక్షరాలు మాత్రం కత్తిలా ఉన్నాయి. ప్రోగ్రాం విండోను పట్టుకుని కౌంటరు వైపు మానిటర్ మీదికి లాగాను, శుభ్రంగా తేలింది. మళ్ళీ ల్యాప్‌టాప్ మీదికి లాగాను, మసక. ఇది నాకు తెలియని విషయం కాదు.

కొత్త డిస్‌ప్లే సర్వరు భాష వచ్చిన ప్రోగ్రాములకు, నువ్వున్న తెర ఒకటిన్నర రెట్లని అది ముందే చెబుతుంది. అవి ఆ కొలతకే అక్షరాలు గీస్తాయి. మెయిల్ అలాంటిదే. మా పాత ప్రోగ్రాముకు ఆ భాష రాదు. దాన్ని ఎక్స్‌వేలాండ్ అనే దుబాసీ ద్వారా నడిపిస్తారు. పాత వాటికి ఏ తెరకు ఎంత కొలతో తెలియదు, ఎప్పటిలా వంద శాతానికే గీసి ఇస్తాయి. ఆ బొమ్మను కొత్త సర్వరు సాగదీసి తెరకు అతికిస్తుంది. ఒక చుక్కను ఒకటిన్నర చుక్కలు చేయాలి, సగం చుక్క అనేది తెర మీద లేదు. అందుకని పక్క రంగులు కలిపేసి సర్దుతుంది. ఆరు కడుపూ ఎనిమిది కడుపూ అక్కడే ఒకటైపోతాయి. ఇదంతా తెలిసిన పెద్దమనిషినే, ఒక ఆడమనిషిని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను.

బాగుచేయడానికి పావుగంట పట్టలేదు. పాత ప్రోగ్రాముల కొలత సిస్టమ్ చూడకూడదు, అవే చూసుకోవాలి అనే సెట్టింగు ఒకటుంది. అది మార్చాను. ఇక ఎవరూ సాగదీయరు కాబట్టి అంకెలు పదునుగా వచ్చాయి కానీ మరీ చిన్నవైపోయాయి. ప్రోగ్రాం సొంత సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచాను, సరిపోయింది. ఇప్పుడు దాన్ని పెద్ద మానిటర్ మీదికి లాగితే కుంచించుకుపోయి కాస్త మసకేస్తుంది. అక్కడ దానితో ఎవరికీ పని లేదు.

మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదని, అక్క సీటు అక్కకు ఇవ్వాలని చెప్పాను. ఆయన ఫోన్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఓహో, సిస్టమ్ ఇష్యూనా? సరే, పిలిచి కూర్చోమనండి. కొత్తమ్మాయికి వద్దని చెప్పిస్తాను."

"మీరు అందరి ముందూ అన్నారు కదా సార్. అందరి ముందే..."

"ఎందుకండీ ఇప్పుడదంతా? సాల్వ్ అయింది కదా!"

ఆ మొహం చూడబుద్ధి కాలేదు. నాది మాత్రం చూడదగ్గదా? పాత టికెట్ తెరుద్దామంటే తెరుచుకోలేదు. కొత్తది పెట్టి, లోపం మిషన్‌ది, సరిగ్గా పరీక్షించనివాణ్ణి నేను, చీటీల తప్పు ఆమెది కాదు అని రాసి, అందరికీ పంపించాను. ఆ తర్వాత గోడౌన్ గేటు దగ్గరికి నడిచాను. అక్క కొంగుతో మెడ తుడుచుకుంటోంది. మొత్తం చెప్పాను. కంటి పరీక్ష మాట ఎత్తి, క్షమించమన్నాను.

అక్క కోప్పడలేదు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నాకిచ్చింది. కంటి దవాఖానలో రాసిచ్చిన చీటీ. అద్దాలతో చూపు పూర్తిగా బాగుంది, మార్చనక్కర్లేదు అని ఉంది. నేను టికెట్ మూసిన నాలుగో రోజు తేదీ.

"ఇది ఉంటే అప్పుడే చూపించలేదేం అక్కా? వాళ్ళ మొహాన కొట్టాల్సింది!"

"ఏమని చూపియ్యాలె సారూ? మిషిన్ మంచిగున్నదని నువ్వంటివి. కండ్లు మంచిగున్నయని డాక్టర్ అనె. ఇగ ఖరాబైంది నా దిమాకే అనుకున్న."

కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఆమెకిచ్చాను. సంచిలో పెట్టుకుంటూ అంది:

"మా అత్తమ్మకు షుగర్ గోలీలు, బీపీ గోలీలు నేనే ఇస్తుంటి. భయమై బంద్ జేసిన. ఒకటనుకొని ఒకటిస్తే ఎట్ల? మా ఆయన కిరాయిలు ఇడిసిపెట్టి మూడు పూటలు ఇంటికొచ్చి ఇస్తున్నడు."

ఆమె భర్త ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. అక్క ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నా చేతికిచ్చింది.

"నేను చెప్తే నమ్మడు సారూ. నువ్వే చెప్పు."

చెప్పాను. కంప్యూటరుదే తప్పని, మీ ఆవిడకు కళ్ళూ తలా ఏదీ చెడలేదని, రేపటి నుంచి ఆమె సీట్లోనే కూర్చుంటారని చెప్పాను. అవతల బండ్ల హారన్ల మధ్య అతను గొంతు పెంచి అడిగాడు.

"దిమాక్ మంచిగనే ఉన్నదా సారూ? సోమవారం పెద్ద దవాఖానల నంబర్ వెట్టిన. తలకాయ స్కానింగ్ తీస్తరంట."

"అక్కర్లేదండీ. రద్దు చేసెయ్యండి."

"మరి మిషిన్ మంచిగున్నదని రాసిన్రట గద? ఎవరు సూసిన్రు?"

అక్క నా మొహంలోకే చూస్తోంది.

"నేనేనండీ," అన్నాను. "ఆమె కూర్చునే చోట కూర్చుని చూడలేదు. చూశానని రాశాను."