అమ్మ గాజుల కవిత ఇంగ్లీషులో

నా చిన్నప్పుడు, పాతబస్తీలో మా అమ్మ గాజుల దుకాణంలో ఆడవాళ్లకు గాజులు తొడిగేది. ఆ పని మీద నేనొక కవిత రాశాను.

సబ్బు నురగల చెయ్యి మా అమ్మది
ఎంత గట్టి చేతికైనా నొప్పి తెలియనీనిది
గాజులెక్కిన పెద్దమ్మలు లేచి
దండం పెడతరు చేతులు మోడ్చి

మా బడి పత్రికలో ఇంగ్లీషు కవితలే వేసేవాళ్లు. అందులో అమ్మ కనబడాలని నాకు మహా పట్టుదల. ఎలాగో అనువాదం చేసి పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. అక్కది టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. తన తెలుగు కవితలను తనే ఇంగ్లీషు చేసుకునేది. అంత తెలివైన మనిషి మా గల్లీలో మరొకరు లేరని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

అక్క చదివి, "మీ అమ్మకు బంగారు గాజులు ఎప్పుడొచ్చినయే?" అంది.

నాకు సిగ్గేసింది. పెద్దమ్మలను 'ఓల్డ్' అన్నాను, ప్రాస కోసం అమ్మ గాజులకు 'గోల్డ్' తగిలించాను. మా అమ్మ చేతికున్నవి రెండు మట్టిగాజులు.

"ప్రాస పోతే పోనీ. దాని కోసం అబద్ధమెందుకు? కాయితం ఈడ పెట్టి, చాచీకి చెప్పిరా పో. ఆమెకు ఏడ అర్థం కాదో చూడు," అని పంపింది. చాచీ అంటే ఎదురింట్లో చీరల మీద చెమ్కీ పని చేసే పెద్దావిడ. ఆమెకు తెలుగు రాదు.

నా వచ్చీరాని ఉర్దూలో చెప్పాను. సబ్బు నురగ, నొప్పి తెలియకపోవడం వెంటనే అర్థమయ్యాయి. దండం దగ్గర మాత్రం చాచీ సూది ఆపి, "సలాం కైకు కర్తే బేటీ?" అని అడిగింది. గాజులు తొడిగినామెకు దండం పెట్టడం మాకు ఆనవాయితీ. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. తడుముకుని, నిండు చేతులతో ఇంటికి పంపుతుంది కాబట్టి అన్నాను.

తిరిగొచ్చి చెబితే, అక్క ఆ మాటనే ఇంగ్లీషులో అయిదో పంక్తిగా రాయించింది. ప్రాస తీసేసి పంక్తులు పొట్టివి చేయించింది. పెద్దమ్మలను 'ఆంట్స్' అంటే ఇంగ్లీషులో చుట్టాలైపోతారని, 'ఓల్డ్' తీసేసి 'తన తల్లి వయసువాళ్లు' అని మార్పించింది. నురగను ముట్టుకోనివ్వలేదు. ఒక్కో మాటకు ఆమె చేసిన ఆలోచన చూస్తూ నేను ఆకలి కూడా మరిచాను.

పత్రిక వచ్చింది. అమ్మకు చదువు రాదు కనుక ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పాను. తెలుగు కవిత ఆమెకు కంఠతా వచ్చు. అయిదో పంక్తి దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఇది ముందుగాల లేకుండె కదనే."

"ఇంగ్లీషోళ్లకు తెల్వదని కలిపిన అమ్మా. మనకు తెలిసిందే కదా."

అమ్మ మెల్లగా, "నాకు మాత్రం ఎవరు చెప్పిన్రు బిడ్డా?" అంది.

ఆ సాయంత్రమే ఆ పంక్తిని తెలుగులోనూ రాశాను. ఈ వయసులోనూ నా కవితను ఇంగ్లీషు చేసేటప్పుడు, పరాయివాళ్ల కోసం ఏ మాట కలపాల్సి వచ్చినా, దాన్ని ముందు నావాళ్లకు చెప్పానా అని ఆగి చూసుకుంటాను.