ఒక్క ఫోనుకు నిలవని పవర్ బ్యాంకు

సంజీవయ్య చేతులు ఊరుకోవు. ఊళ్లో ఎవరి ట్రాక్టరు బురదలో దిగబడినా, ఎవరి బర్రె కాలవలో పడినా ముందు పట్టే చెయ్యి ఆయనదే. "గాడిద పని గాడిద చేయాల, కుక్క పని కుక్క చేయాల" అని భార్య దానమ్మ పెళ్లయిన నాటి నుంచి చెబుతూనే ఉంది. ఆయన వింటాడు, తలూపుతాడు, మళ్లీ పోయి ఎవరిదో బండి నెడతాడు. ఆ గుణమే ఆ రాత్రి ఆయన పీకల మీదికి తెచ్చింది.

దానమ్మను నంద్యాలలో కూతురింట్లో దింపి, ఆళ్లగడ్డ పోయే ఆఖరి బస్సెక్కాడు. శిరివెళ్ల ఇంకా రాకముందే బస్సు ముందు నుంచి ఆవిరి బుస్సుమని లేచింది. నీళ్ల పైపు పగిలింది. డ్రైవరు కరుణాకర్ దిగి చూసి, "ఇది ఇప్పట్లో కదిలేది కాదు. డిపోకు చెప్పినాలే, వేరే బస్సు వస్తాంది" అన్నాడు. కొందరు దారిన పోయే లారీ ఎక్కి వెళ్లిపోయారు. కొందరు సీట్లలోనే ముడుచుకొని పడుకున్నారు. సంజీవయ్య మాత్రం ఊరుకుంటేనా! తన బటన్ల ఫోనులో టార్చి వేసి, పైపుకు గుడ్డ చుట్టే డ్రైవరుకు వెలుతురు పట్టుకొని నిలబడ్డాడు. ఆ గుడ్డా నిలవలేదు, ఈ ఫోనూ నిలవలేదు. టార్చి ఆరిపోయింది, ఫోను చచ్చిపోయింది.

పోతే పోనీలే అనుకొని బస్సులోకి వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. 

పొలంలో బోరు స్టార్టరును ఆటోలో పెట్టి వచ్చేశాడు! ఆటోలో పెడితే కరెంటు రాగానే మోటరు తనంతట తానే తిరుగుతుంది. ఆ వారం వాళ్ల వైపు పొలాలకు కరెంటు రాత్రి వంతు, పదకొండుకు వస్తుంది. కింది చేను పద్మమ్మది. మొగుడు పోయాక ఒంటి చేత్తో పండించిన మినుము కోసి, కుప్పలు వేసి ఉంచింది. పొద్దున్నే వచ్చి, "సంజీవన్నా, ఈ రాత్రి ఒక్కటీ నీళ్లు వదలొద్దు. మన చేల నడిమి గనిమ గట్టు తెగిపోయుండాది, అన్నీ నా కుప్పల మీదికే వస్తాయి" అంది. "నేనుండా గదమ్మా, పోయి పండుకో" అన్నాడు. ఆ మాట ఇచ్చిన నోటితోనే కాఫీ తాగి, ఆటో తీయడం మరిచి బస్సెక్కాడు.

ఆ స్టార్టరులో ఒక సిమ్ము ఉంటుంది. ఫోను చేసి అంకె నొక్కితే మోటరు ఆగుతుంది. కానీ ఊళ్లో పోకిరీలు ఆటలాడకుండా తన ఒక్క నంబరే అందులో ఎక్కించుకున్నాడు. ఆ నంబరున్న ఫోను ఇప్పుడు జేబులో రాయిలా పడి ఉంది. పద్మమ్మ నంబరూ, ఊళ్లోవాళ్ల నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి, ఆయన తలలో ఒక్కటీ లేదు.

పక్క వరసలో ఒక అమ్మాయి అరచేయంత నల్లటి డబ్బాకు తన ఫోను తగిలించుకొని కూర్చుంది. పేరు గోదా. అహోబిలంలో వాళ్ల నాయన గుళ్లో వంట చేస్తాడు. పరీక్ష రాసి వస్తోంది. ఆళ్లగడ్డ బస్టాండులో బండి వేసుకొని నాయన ఎదురు చూస్తున్నాడు.

"పాపా, అది ఛార్జింగు పెట్టేదేనా?"

"అవును పెద్దాయనా, పవర్ బ్యాంకు. కానీ దీంట్లోనూ ఒక్క లైటే మిగిలిండాది." నాలుగు చుక్కల లైట్లలో ఒక్కటే వెలుగుతోంది. ఆమె ఫోనులో నాలుగు శాతమే ఉంది.

సంజీవయ్య సంగతంతా చెప్పాడు. ఆమె ముందు తన ఫోనుతోనే స్టార్టరుకు చేయబోయింది. "కొత్త నంబరుకు పలకదమ్మా" అన్నాడు. పోనీ సిమ్ము మార్చి వేద్దామంటే ఆయనది పాతకాలపు పెద్ద సిమ్ము, ఆమె ఫోనులోకి గోరంతదే పడుతుంది.

"మీ ఫోనుకే పెడదాం" అంటూ ఆమె తన తీగ పీకేసింది. తన తీగ మూతి ఆయన ఫోనుకు పట్టలేదు. సంచి వెతికి, పవర్ బ్యాంకును నింపుకునే పాత తీగ తీసింది. సన్నమూతి తీగ, సరిగ్గా కూర్చుంది. ఫోను మీద ఛార్జింగు గుర్తు వెలిగింది.

"ప్రభువా, నీకు స్తోత్రం" అన్నాడు సంజీవయ్య. అర నిమిషం కాలేదు, గుర్తు ఆరిపోయింది. పవర్ బ్యాంకు లైటూ ఆరిపోయింది.

గోదా బటన్ నొక్కింది. వెలిగింది. మళ్లీ ఆరింది. తీగ కదిపి చూశారు, మూతి తుడిచి చూశారు. అదే తంతు.

"అయిపోయిందేమో పాపా. తీసుకో, నీ ఫోనుకు పెట్టుకో. మీ నాయన కంగారు పడతాంటాడు" అన్నాడు.  ఆ కుప్పలు నానితే పద్మమ్మ ముఖం ఎలా చూడాలి? తిట్టినా బాగుండు, ఆమె తిట్టే మనిషి కూడా కాదు.

గోదా తన ఫోను పెట్టుకుంది. పవర్ బ్యాంకు నిక్షేపంగా వెలుగుతోంది! ఆమె కాసేపు దాన్నే చూసి నవ్వింది.

"పెద్దాయనా, ఇది చెడిపోలేదు. మీ ఫోను మరీ కొంచెం తాగుతాంది. పూర్తిగా చచ్చిన బ్యాటరీ గదా, ముందు చుక్క చుక్కగానే లాగుతుంది. ఏమీ తగిలించలేదేమోనని ఇది తనంతట తానే ఆగిపోతాంది. నా చెవుల్లో పెట్టుకునేవాటికీ ఇట్లనే చేస్తుంది."

"మరేం చేయాల?"

"దీనికి రెండు బొక్కలుండాయి గదా. నాది బాగా తాగే ఫోను. ఒకదాంట్లో అది ఉంటే ఇది నిద్రపోదు. రెండోదాంట్లో మీది పెడదాం."

"అట్లయితే నీదే అంతా తాగేస్తే?"

"తాగుతుంది. అంతలోపల మీది లేయాల" అంది గోదా.

రెండు తీగలూ తగిలించి, డబ్బాను సీటు మీద మధ్యలో పెట్టి ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. ఈసారి ఆయన ఫోను గుర్తు ఆరలేదు. కానీ ఆ ఒక్క లైటు మాత్రం టపటప కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆఖరి బొట్లన్నమాట. ఆయన తన ఫోను బటన్ మీద వేలు పెట్టబోతే ఆమె ఆపింది. "ఇప్పుడే నొక్కొద్దు. లేసేటప్పుడే చానా తాగుతుంది, సగంలో చస్తుంది. ఉండండి."

ఉండటం సంజీవయ్యకు జీవితంలో రాని పని. చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. ఆమె ఫోనులో టైము పదకొండు దాటింది.

"ఇప్పుడు" అంది గోదా.

ఫోను లేచింది. తీగ పీకకుండానే స్టార్టరు నంబరు నొక్కాడు. అవతల యంత్రం గొంతు పలికింది: "మోటరు ఆన్‌లో ఉంది."  ఆపే అంకె నొక్కాడు. "మోటరు ఆఫ్ అయింది." ఆటో తీసే అంకె కూడా నొక్కి, వెంటనే పద్మమ్మకు చేశాడు.

"ఏందన్నా, ఇంత పొద్దుపోయినాక?" నిద్రమత్తు గొంతు.

"అమ్మా, లేసి కుప్పల కాడికి పో. నీళ్లొచ్చినాయేమో చూడు."

"ఎందుకొస్తాయి? నువ్వు ఆపుతానంటివి గదా."

ఆ మాటకు సంజీవయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరిచిపోయినా తల్లీ. ఇప్పుడే ఆపినా. పోయి చూడు, నీకు దండం పెడతా."

ఆమె ఇల్లు చేని గట్టునే. చెప్పుల చప్పుడు, కుక్క మొరుగుడు, గడ్డి గరగర వినిపిస్తున్నాయి. గోదా తల వంచి లైటునే చూస్తోంది. అది ఒక్కసారి గట్టిగా వెలిగి ఆరిపోయింది. 

"అన్నా," అంది పద్మమ్మ, "గనిమ కాడ మట్టి తడిసిండాది. కుప్పలు పొడిగానే ఉండాయి. ఇంక పోయి పండు..."

ఫోను చచ్చిపోయింది.

సంజీవయ్య తీగ పీకి, చుట్టి గోదా చేతికిచ్చాడు. గోదా ఫోనులో ఏడు శాతం చేరింది. వాళ్ల నాయనకు చేసి, "బస్సు చెడిపోయింది నాయనా, ఇంకోటి వస్తాంది. ఈడ ఒక పెద్దాయన తోడుండాడు, భయం లేదు" అని చెప్పింది.

వేరే బస్సు వచ్చేసరికి కరుణాకర్ అరిచాడు: "అన్నా, సామాన్లు మార్చుకోండి. ఎవురన్నా టార్చి పట్టండప్పా!"

సంజీవయ్య చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. చచ్చిన ఫోను తగిలింది. గోదా నవ్వుతూ ఆయన వైపే చూస్తోంది.

"టార్చి లేదప్పా, మోసేదుంటే చెప్పు" అంటూ ఆయన ముందుగా గోదా సంచి భుజాన వేసుకొని దిగాడు.