వీసా రాకముందే టికెట్టు

మా పొరుగింటాయన ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన చెల్లెలు జర్మనీలో నర్సు. అక్కడ ఒంటరిగా ఉంటుంది. ఆమెకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. థియేటరులోకి తీసుకువెళ్లే ముందు ఆమె చేయి పట్టుకోవాలన్నదొక్కటే ఆయన కోరిక. వీసా దరఖాస్తు నేనే దగ్గరుండి నింపించాను. డాక్టర్లు అప్పట్లో చెప్పిన తేదీని బట్టి ప్రయాణ తేదీ వేశాము. దరఖాస్తుకు టికెట్టు కొననక్కరలేదు, రిజర్వేషన్ కాగితం చాలు. కనుక వీసా చేతికి వచ్చాకే కొనాలని నేను కట్టుదిట్టంగా చెప్పాను.

ఇంతలో ఆసుపత్రివారు ఆపరేషన్‌ను అనుకున్న తేదీ కన్నా ముందే పెట్టారు. ఆయనకు నిద్ర పట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని వన్‌టౌన్‌లోని టికెట్ల దుకాణానికి బయలుదేరారు. దుకాణదారు ఆ వీధిలోనే పుట్టి పెరిగిన ముస్లిం పెద్దమనిషి. తాతల నాటి అత్తరు దుకాణాన్ని టికెట్ల దుకాణంగా మార్చాడు. ఆపరేషన్‌కు ముందురోజు చేరే విమానం ఒకటి చూపించాడు.

"రేటు సవకే సాబ్. కానీ కొన్నాక కాన్సిలంటే పైసా రాదు. తేదీ మార్సరు, పేరూ మార్సరు. సీటు సాయంత్రం వరకూ పట్టుకుంటాను. ఆ తరవాత నా సేతుల్లో లేదు."

సరిగ్గా అప్పుడే పొరుగింటాయన ఫోను మోగింది. పాస్‌పోర్టు కాన్సులేటు నుంచి తిరిగి వచ్చిందనీ, వీసా కేంద్రంలో తీసుకోవచ్చనీ సందేశం. ఆయన ముఖం విప్పారింది.

"వొచ్చీసింది మాస్టారూ! కొనీమనండి!"

"పాస్‌పోర్టు వచ్చింది. వీసా వచ్చిందని అందులో లేదు" అన్నాను.

"అదేటండీ, తిరిగొచ్చిందంటే మంజూరయినట్టే కదా! మా ప్లాంటులో సెలవు కాయితం కిందకి దిగిందంటే సాంక్షనే. కాదనాలంటే పైనే తొక్కిపెట్టీసేవోరు. ముప్పయ్యేళ్లు సూసాను."

ఆయన తర్కంలో లోపమేమీ లేదు. అది వారి కర్మాగారపు తర్కం, అంతే. కాన్సులేటు కాదన్నా అవునన్నా పాస్‌పోర్టును తిప్పే పంపుతుందని, ఫలితం కవరు లోపలే ఉంటుందని వివరించాను. ఆయన దుకాణదారు వైపు తిరిగారు.

"నువ్వు సెప్పు బాబూ. కొనొచ్చా?"

"నాను అమ్మేవోణ్ణి సాబ్, కొనమనే సెప్తాను. మాస్టారి మాట ఇనండి. కవరు సింపి సూసి రండి, నాను ఇక్కడే ఉంటాను."

ఆటోలో వీసా కేంద్రానికి వెళ్లాము. ఆయన కౌంటరులో కవరు తీసుకుని బయటికి వచ్చారు. కవరు అక్కడే చించారు. పేజీలు తిప్పి, మెరిసే వీసా స్టిక్కరు కనబడగానే నా భుజం మీద గట్టిగా చరిచారు.

"ఏటన్నాను? ఇచ్చీసారు!"

నాకూ సంతోషమే కలిగింది. అయినా అలవాటుగా స్టిక్కరుపై మొదటి గీత నుంచి చదివాను. చెల్లుబాటు మొదలయ్యే తేదీ దగ్గర ఆగిపోయాను. మేము దరఖాస్తులో వేసిన పాత తేదీ నుంచే ఇచ్చారు. అంటే ఆపరేషన్ అయిన మర్నాడు. దుకాణదారు సీటు పట్టి ఉంచిన విమానం ఆ తేదీకి ముందే అక్కడ దిగుతుంది. ఆ టికెట్టుతో ఇక్కడి విమానాశ్రయంలోనే ఎక్కనివ్వరు.

ఆయన నా ముఖం చూసి తానే చదువుకున్నారు. లోపలికి వెళ్లి, తేదీ మార్చగలరేమో అడిగారు. మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలని కౌంటరులోని అమ్మాయి మెల్లగా చెప్పింది. అందుకు వ్యవధి లేదు.

మళ్లీ ఆటో ఎక్కి దుకాణానికి బయలుదేరాము. నా పట్టుదల ఆయన టికెట్టు డబ్బును కాపాడింది, నిజమే. ఆయన కోరుకున్నది మాత్రం డబ్బు కాదు. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను, ఆయనకు చెప్పే ధైర్యం చాలలేదు.

దుకాణదారు మొదటి సీటు వదిలేసి, వీసా మొదలయ్యే రోజున దిగే విమానం వెతికాడు. ధర ఎక్కువే. అదీ కాన్సిలు చేస్తే డబ్బు తిరిగి రానిదే. ఈసారి పొరుగింటాయన నా వైపు చూడకుండానే డబ్బు కట్టేశారు. తర్వాత అక్కడే బల్ల మీద కూర్చుని చెల్లెలికి వీడియోలో ఫోను చేశారు.

"అమ్మాయీ, ఆపరేసనప్పుడు నాను రాలేనే. ఆ మర్నాడు దిగుతాను."

అటునుంచి ఆమె నవ్వింది.

"మరీ మంచిది అన్నయ్యా. ముందే వస్తే డాక్టర్ల కన్నా నువ్వే ఎక్కువ కంగారు పెట్టేద్దువు. కళ్లు తెరిచాక ఎవరో ఒకరు ఉండాలి కదా, నువ్వుండు."

ఆయన తలూపారు. దుకాణదారు టీ తెప్పించాడు. నేను టికెట్టు మీది పేరును, పాస్‌పోర్టులోని పేరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడసాగాను.