భాగ్యశ్రీ సిస్టర్ చేతులు కట్టుకున్న రోజు

ఉప్పుగూడలో భాగ్యశ్రీ సిస్టర్ ఇల్లెక్కడని అడిగితే వేలు పెట్టి చూపనివాళ్లుండరు. సర్కారు దవాఖానాలో పాతికేళ్లకు పైగా నర్సు. మంచంలో మనిషి కనబడితే చాలు, ఆమె చేతులు ఊరుకోవు. దిండు సర్దుతాయి, దుప్పటి సరిచేస్తాయి, పక్క తిప్పుతాయి. ఆ చేతులకు దండం పెట్టి ఇంటికి పోయినవాళ్లు పాతబస్తీ నిండా ఉన్నారు.

అట్లాంటి మనిషికి యాభై నాలుగో ఏట నడుము పట్టుకుంది. మనుషుల్ని ఎత్తే పని తగ్గించుకోమన్నాడు డాక్టరు. రిటైర్మెంటుకు ఇంకా ఏడేళ్లుంది. ఈ ఏడేళ్లూ ఎట్లా, ఆ తర్వాతెట్లా అన్న బెంగ అప్పుడు మొదలైంది.

"రిటైరైనంక సూసుకోవచ్చు తియ్. ఇప్పట్నించే ఏం ఫికర్?" అన్నాడు భర్త బాలరాజ్.

లోకమంతా అనే మాటే అది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే తెలివి! భాగ్యశ్రీ ఆ మాట చెవిన పెట్టలేదు. సెలవు దొరికినప్పుడల్లా, తనకంటే ముందు రిటైరైన నర్సుల ఇళ్లకు పోయి, రోజెట్లా గడుస్తోందని అడగడం మొదలుపెట్టింది. శాలువా కప్పేరోజు చుట్టూ వందమంది ఉంటారు. ఏడాది తిరిగాక ఎట్లున్నావని అడిగే దిక్కెవరు? ఈమె అడిగింది.

వాళ్లలో మాణిక్యమ్మ అనే పెద్ద సిస్టర్ చెప్పింది మనసులో నాటుకుంది. "మొదట మంచిగనే ఉండె బిడ్డా. తర్వాత పొద్దు పోకపాయె. ఓ ప్రైవేటు నర్సింగ్ హోముల చేరిన. మళ్ల గదే ఎత్తుడు, గదే దించుడు. పాణం ఒప్పక ఇడిసిపెట్టిన. పని మీద పావురం, ఇష్టం ఉంటె సాలదు. రేపు నీ ఒళ్లు ఎట్లుంటదో, దానికి తగ్గ పని సూసుకో."

తనకు ఇష్టమైంది మంచాన పడ్డవాళ్ల సేవ. ఇక తను ఎత్తడం కుదరదు కాబట్టి, ఎట్లా చూసుకోవాలో వాళ్ల ఇంట్లోవాళ్లకు నేర్పాలి. ఆ పనైతే డెబ్బై ఏళ్లకూ సాగుతుంది. కానీ తనకు నేర్పడం వచ్చా? రిటైరయ్యాక రాదని తేలితే ఏం లాభం? అందుకే ఇప్పుడే పరీక్ష పెట్టుకోవాలనుకుంది. సర్కారు కొలువులో ఉండి బయట డబ్బుకు పని చేయకూడదు. ఆదివారాలు ఫీజు లేని సేవ చేస్తానని రాసిచ్చి సూపరింటెండెంటు దగ్గర అనుమతి తీసుకుంది.

మొదటి ఇల్లు మొఘల్‌పురాలో వామన్‌రావు గారిది. పక్షవాతంతో మంచాన పడ్డాడాయన. చూసేది కోడలు నళిని. ఆయన నడుము కింద చర్మం ఎర్రబడింది, వదిలేస్తే పుండు పడుతుంది. భాగ్యశ్రీ కొంగు బిగించింది. ఒళ్లు తుడిచి, పక్క తిప్పి, దిండ్లు పెట్టి, రెండు గంటలకోసారి ఇట్లా తిప్పాలని చెప్పి వచ్చింది. నళిని మురిసిపోయింది.

మరుసటి ఆదివారం పోతే ఆ ఎరుపు ఇంకా ముదిరి ఉంది.

"తిప్పమన్న గదమ్మా?"

"మీరు చేసినట్టు మాకొస్తదా సిస్టర్? ఏడ నొప్పి పెడ్తమో అని భయమైంది. మీరొస్తరు గదా అని ఆగినం."

భాగ్యశ్రీకి తల కొట్టేసినట్టయింది. తను అంత చక్కగా చేసిపెట్టడం వల్లనే ఆ పిల్లకు చేతులాడలేదు. పైగా ఆ రోజు ఎత్తినందుకు నడుము వారమంతా కలుక్కుమంటూనే ఉంది. ఇదే తీరైతే మాణిక్యమ్మ దారే తన దారి.

కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. చేతులు కట్టుకుంది.

"ఈయాల నేను ముట్ట. నువ్వే చెయ్యి."

నళిని మామగారి చెయ్యి పట్టి లాగబోయింది.

"చెయ్యి గుంజొద్దు. అవతలి మోకాలు మడువు. ఒక చెయ్యి అవతలి భుజం మీద, ఇంకోటి తుంటి మీద పెట్టు. మెల్లగ నీ దిక్కు దొర్లియ్యి."

సగం దాకా తిరిగి ఆయన మళ్లీ వెల్లకిలా పడ్డాడు. భాగ్యశ్రీ కుర్చీలోంచి లేవబోయి ఆగింది. ఎంతమందిని ఎత్తిందో లెక్కలేదు, ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు. "ఏం గాదు. మళ్ల చెయ్యి," అంది.

రెండోసారి ఆయన తిరిగాడు. వీపు వెనకొక దిండు, మోకాళ్ల మధ్యనొకటి నళినే పెట్టింది. ఎర్రబడ్డ చోట రుద్దబోతే, "రుద్దొద్దు, బరువు పడకుంటె చాలు," అని మాత్రం చెప్పింది భాగ్యశ్రీ.

కోడలి వైపు ముఖం తిరిగిన వామన్‌రావు ముద్దముద్దగా అన్నాడు, "సిస్టర్ కూసున్నరు... కోడలు నర్సైంది."

శనివారం సాయంత్రం నళిని ఫోన్ చేసింది. "ఎరుపు తగ్గింది సిస్టర్. రాత్రి మా ఆయన గూడ తిప్పుతున్నడు. రేపు మీరు రాకున్నా నడుస్తది."

పాతికేళ్లలో ఆమెను రావద్దన్నవాళ్లు లేరు. ఫోను పెట్టేసి భాగ్యశ్రీ కళ్లు తుడుచుకుంటుంటే బాలరాజ్ కంగారుపడ్డాడు.

"ఏమైందే? ఏమన్నరు?"

"రావద్దన్నరు," అంది నవ్వుతూ. "నాకు పని దొరికింది."