ఉప్పు దిగడానికి పట్టిన రోజులు

కుప్పంలో వైద్యం చదివేటప్పుడు ఒళ్లు ఉప్పును ఎలా దించుకుంటుందో గీత గీసి రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కుల్ని తీసుకెళ్లి ఏ గంగలో కలపాలో ఇప్పుడు తెలియడం లేదు.

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన మొదటి ఏడాది. పుంగనూరు నుంచి గొర్రెల వ్యాపారి ఒకాయన చేరాడు. వారం రోజులు పెళ్లిళ్లలో మాంసం, ఊరగాయ తనివితీరా తిని వచ్చాడు. కాళ్లు వాచాయి, బీపీ ఏ మాత్రకూ దిగలేదు. ఒంట్లో నీటిని మూత్రంలో పోగొట్టే నీళ్ల మాత్ర ఇంకా మొదలుపెట్టకుండా, ముందు ఉప్పు వెయ్యని తిండి పెట్టి చూద్దామన్నారు పెద్ద డాక్టరు. అలాంటి రోగులకు వండే ఆమె కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఒకప్పుడు కూలిపనులకు పోయిన మనిషి. నెల జీతం అందుకునే ఉద్యోగం ఆమెకు అదే మొదలు.

రెండో రోజు పొద్దంతా, రాత్రంతా పట్టిన మూత్రం పరీక్షకు పంపాము. మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఉప్పు వెయ్యని తిండిలో మామూలుగా ఉండేదానికి రెండింతలకు పైగా సోడియం, అంటే ఉప్పు, బయటికి పోతోంది. నాకు కోపం నెత్తికెక్కింది. తినకుండా ఎలా పోతుంది? రిపోర్టు చేత్తో పట్టుకుని నేరుగా వంటగదికి పోయాను.

"ఉప్పేశావు కదూ?" అన్నాను.

"నా బిడ్డల మింద ఒట్టు మేడమ్, చిటికెడు గూడా ఎయ్యలే. నేను యాల ఎయ్యాల? నాకేం వస్తాది?" అంది. గిన్నె మూత తీసి నా ముందుకు జరిపింది. "కావల్నంటే ఒక ముద్ద తిని సూడండి."

తినలేదు. కాగితం నా చేతిలో ఉండగా అన్నం రుచి చూడడం నాకు నామోషీ అనిపించింది. ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను. మరునాడు పొద్దున ఆమెను పంపేశారు.

కొత్త మనిషి వండిన రెండో రోజు, అంటే రోగి చేరిన ఐదో రోజు, మళ్లీ మూత్రం పట్టాము. సోడియం దిగింది. ఆసుపత్రి యజమాని నా భుజం తట్టి, "సూసినావా, నువ్వు పట్టినావు కాబట్టి తెలిసింది," అన్నారు. సిగ్గులేకుండా నవ్వాను.

రోగిని ఇంటికి పంపే కాగితాలు రాస్తూ బరువుల చార్టు తిరగేశాను. చేరిన మరునాటి నుంచే బరువు తగ్గుతూ వచ్చింది. మొదట ఎక్కువ, తర్వాత తక్కువ, తర్వాత నిలకడగా. ఆమె వండిన రోజుల్లోనే ఎక్కువ తగ్గింది! ఉప్పు తింటూ ఉంటే బరువు ఎలా తగ్గుతుంది?

మూత్రంలో పోయింది పెళ్లిళ్లలో తిన్న ఉప్పు. ఉప్పు ఎక్కువ తింటే దాహమేస్తుంది, నీళ్లు తాగుతాం, కొన్ని గంటల్లో రక్తంలో ఉప్పు చిక్కదనం మామూలుకొస్తుంది. కానీ ఉప్పు అప్పుడే పోదు. నీటిని పట్టుకుని కణాల బయట కూర్చుంటుంది, ఒళ్లు బరువెక్కుతుంది. ఒంట్లో మొత్తం ఉప్పెంతో మూత్రపిండానికి నేరుగా తెలియదు. గుండె గదులు, రక్తనాళాలు సాగితేనే దానికి కబురు అందుతుంది, ఆ కబురు మోసే హార్మోన్లు మెల్లగా మారాలి. అందుకే మిగిలిన అదనపు ఉప్పులో రోజుకు సుమారు సగం చొప్పున పోతుంది. తినడం మానేసినా నాలుగైదు రోజులు పాతది పోతూనే ఉంటుంది. ఆమె ఉన్నా, కొత్త మనిషి వచ్చినా, వంటగదికి తాళమేసినా ఐదో రోజుకు ఆ లెక్క దిగేదే.

ఇదంతా పరీక్షలో రాసిన పెద్దమనిషిని నేనే.

నిజం చెబుదామని యజమాని దగ్గరికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ వేరే మాటలు మాట్లాడి వచ్చేశాను. భయం, ఇంకేమీ కాదు. కొన్ని నెలలు పోయాక టమేటా మార్కెట్లో ఆమె కనబడింది. కాయలు ఏరి క్రేట్లలో వేస్తోంది. ఎండకు నల్లబడింది.

పక్కకు పిలిచి చెప్పాను, చార్టు సంగతీ, రోజుల లెక్కా, అన్నీ. "నీ తప్పేమీ లేదమ్మా, నువ్వు ఉప్పు వెయ్యలేదు," అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. నన్ను క్షమిస్తుందనీ అనుకున్నాను, ఎందుకు దాచడం.

ఆమె చేతిలోని కాయను తుడుస్తూ విని, "నేను ఎయ్యలేదని నాకు ఆ పొద్దే తెలుసు గదా మేడమ్," అంది. "తెలియాల్సింది ఆసుపత్రోళ్లకు. ఆళ్లకు సెప్పినారా?"

"లేదు," అన్నాను.

"మరి ఈడికి యాల వచ్చినారు?" అని ఆమె మళ్లీ కాయల దగ్గరికి పోయింది.