పదమూడో కొట్టివేత

నాకు ఓపిక తక్కువ. ఇంట్లో అందరికీ తెలుసు, స్టాన్‌మోర్‌లో మా కింది ఫ్లాట్ ఆవిడకి కూడా తెలుసు. అలాంటిదాన్ని పదకొండేళ్లుగా ఇతరుల రాతలు సరిదిద్దే పని చేసుకుని బతుకుతున్నాను. ఇంగ్లీషు ఎక్కువ, తెలుగు ఎప్పుడైనా ఒకటి. తప్పు వాక్యం కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటే నాకు జీతం తెస్తోందని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఒక ఆంటీ తన పుస్తకం దిద్దమని న్యూకాసిల్ నుంచి ఫోన్ చేసినప్పుడు మాత్రం నేను ఎక్కువ మాట్లాడలేదు. గుంటూరు వైపు మనిషి. ఇరవై రెండేళ్లు ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. తన చేతుల్లో వెళ్ళిపోయిన వాళ్ళ గురించి తెలుగులో పుస్తకం రాశారు. ఒక్కొక్కరికి ఒక్కో అధ్యాయం, మొత్తం పద్నాలుగు. చివరిది ఆమె భర్తది, ఆయన ఆసుపత్రిలో పోయారు. ఫోన్‌కి చెబుతూ దానిచేతే టైపు చేయించుకున్న తొంభై పేజీలు.

ఆమె అడిగింది ఒక్కటే. అంతకుముందు తెలిసినాయన ఒకాయన ఆ పుస్తకాన్ని దిద్ది పంపారట. చక్కగా, నున్నగా వచ్చిందట. చదువుతుంటే ఎక్కడా తను కనబడలేదట. ఏది తీశారో, ఏది కలిపారో తెలియక, పాత కాపీ పక్కన పెట్టుకుని వెతకలేక, రెండేళ్లు దాన్ని ముట్టుకోలేదట.

"ఈసారి కూడా అట్లాగే అయితే ఇంక దీన్ని ఇక్కడితో ఆపేస్తానమ్మా," అన్నారు. "నా మాట ఎక్కడ పోయిందో నాకు కనబడాలి."

నేను ధైర్యంగా చెప్పాను. నేను చేసే ప్రతి మార్పూ ఎర్రగా కనిపిస్తుంది. తీసేసిన మాట మీద గీత ఉంటుంది, కలిపిన మాట కింద గీత ఉంటుంది. ఎందుకు చేశానో పక్కన మార్జిన్‌లో కామెంట్ రాస్తాను. మీకు నచ్చితే యాక్సెప్ట్ నొక్కండి, నచ్చకపోతే రిజెక్ట్ నొక్కండి, మీ మాట మీకు వచ్చేస్తుంది. "మీ పర్మిషన్ లేకుండా ఒక్క కామా కూడా పోదు ఆంటీ, నాది పూచీ," అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫోన్‌కి చెప్పి రాయించిన ఫైలు ఎలా ఉంటుందో మా పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు. మాటల మధ్య రెండేసి, మూడేసి ఖాళీలు, ఎక్కడపడితే అక్కడ విరిగిన లైన్లు. వాటిని కూడా ఎర్రగా చూపిస్తే పేజీ అంతా కుంకుమ జల్లినట్టు ఉంటుంది, అసలు మార్పు కనబడదు. అందుకని మార్పుల్ని అలా ఎర్రగా గుర్తుపెట్టే ట్రాకింగ్ ఆపి, ఖాళీలు, విరుపులు ముందే శుభ్రం చేసి, ఆ సంగతి క్లయింటుకి ఒక వాక్యంలో చెప్పి, అప్పుడు ట్రాకింగ్ మళ్ళీ పెట్టి అసలు పని మొదలుపెడతాం. నేను శుభ్రం చేశాను. ఆ కాపీని వేరే పేరుతో దాచాను. ట్రాకింగ్ మాత్రం మళ్ళీ పెట్టలేదు.

పెట్టలేదని నాకు తెలియదు. మొదటి విడత చదివేటప్పుడు నేను గుర్తులన్నీ దాచేసి చదువుతాను, వాక్యం నడక తెలియడానికి. కాబట్టి ఎరుపు కనబడకపోతే ఏమీ అనుమానం రాలేదు. తొమ్మిది రోజులు అలాగే దిద్దాను. తొంభై పేజీలు అయిపోయాక, కామెంట్లు రాద్దామని ఒక మధ్యాహ్నం గుర్తులు చూపించమని నొక్కాను. పేజీ తెల్లగానే ఉంది. ఇంకో పేజీ తెల్లగా. చివరికంటా తెల్లగా.

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. నా చేతిలో ఉన్నది అచ్చం ఆ ముందాయన పంపినట్టే నున్నగా ఉన్న పుస్తకం. పైగా, నిజం చెప్పొద్దూ, బాగుంది. ఆమెకి అలాగే పంపేసి, 'పెద్దగా మార్పులేమీ చేయలేదు ఆంటీ' అనేస్తే పోయేదేముంది అని బుద్ధి ఒకసారి గడ్డి తిన్నది కూడా. లేచి టీ పెట్టుకున్నాను. ఆవిడ గొంతు గుర్తొచ్చి టీ కూడా సహించలేదు.

దారి ఉంది. శుభ్రం చేసి దాచిన కాపీని, దిద్దిన కాపీని పక్కపక్కన పెట్టి పోల్చమంటే, మేం దిద్దే వర్డ్ ప్రోగ్రామే పోలుస్తుంది. రెండింటికీ ఉన్న తేడాలన్నీ ట్రాక్ చేసిన మార్పులుగా మూడో ఫైలులో ఇస్తుంది. నొక్కాను. తెల్ల పేజీలు ఎర్రబడ్డాయి. ఆరువందల పైచిలుకు మార్పులు. నేను చేసినవే, ఒక్కటీ ఎక్కువ కాదు, తక్కువ కాదు. అయినా వాటిని మొదటిసారి చూస్తున్నట్టే చూశాను.

అప్పుడే ఆ కిటికీలు కనబడ్డాయి.

ఆమె ప్రతి అధ్యాయాన్నీ ఒకే వాక్యంతో ముగించారు. 'తర్వాత కిటికీ కొంచెం తెరిచాను.' ఇక్కడి నర్సుల్లో చాలామందికి ఆ అలవాటు ఉంది. మనిషి పోగానే గదిలో కిటికీ తెరుస్తారు. ఎందుకని అడిగితే, పోయినవాళ్ళకి దారి అంటారు కొందరు, గాలి కోసం అంటారు కొందరు. నేను మొదటి అధ్యాయంలో ఆ వాక్యం ఉంచి, మిగతా పదమూడింటిలో తీసేశాను. చెప్పిందే చెబుతున్నారు, పాఠకుడికి విసుగు అనుకుని తీసిన సంగతి కూడా నాకు లీలగానే గుర్తుంది. పదమూడు చోట్ల ఎర్ర గీత. పదమూడోది ఆమె భర్త అధ్యాయంలో. ఆయన పోయిన పేజీలో నేను వేలు ఆగకుండా ఒక వాక్యం తీసేశాను. సిగ్గేసింది.

గీతలు వెనక్కి తీసేద్దామా అనుకున్నాను. కానీ విసుగు పుట్టిస్తుందన్న నా అభిప్రాయం అప్పటికీ మారలేదు. ఆమెకి చూపించి అడగడమే న్యాయం. మొదటి కొట్టివేత పక్కన కామెంట్ పెట్టాను: ఈ వాక్యం ప్రతి అధ్యాయం చివరా వస్తోంది, మొదటిచోట ఉంచి మిగతా పదమూడు చోట్ల తీశాను, మీకు వద్దనిపిస్తే దేనికది రిజెక్ట్ చేయండి. ఇంకో చోట, మీరు చెప్పిన ఉంగరాన్ని బట్టి ఆ పోయిన మనిషి ఎవరో ఎవరైనా గుర్తుపట్టేస్తారేమో, మార్చగలరా అని అడిగాను. మెయిల్లో జరిగిందంతా రాశాను. ట్రాకింగ్ పెట్టడం మర్చిపోయాననీ, ఈ ఎరుపంతా రెండు కాపీలు పోలిస్తే వచ్చిందనీ, అన్నిటినీ ఒక్కసారే ఒప్పుకునే బటన్ కూడా ఉంటుందనీ, దయచేసి దాని జోలికి పోవద్దనీ.

మూడు వారాలు మాటా పలుకూ లేదు. ఇంకేముంది, ఆపేశారు అనుకున్నాను. ఆ మూడు వారాలు మా ఇంట్లో నాతో ఎవరూ వేగలేకపోయారు.

ఫైలు వచ్చింది. తెరిచి నేను నోరెళ్ళబెట్టాను. ఇంతవరకూ యూనివర్సిటీ ప్రొఫెసర్ల దగ్గర నుంచి కూడా నాకు అలాంటి ఫైలు రాలేదు. ఆరువందల పైచిలుకు మార్పుల్లోనూ ఒక్కొక్కదాని దగ్గరా ఆవిడ ఆగారు. ఆగారని ఎలా తెలుసంటే, నేను మార్చిన మాటని ఒప్పుకున్న లైన్లోనే, పక్కనున్న మార్పుని వద్దన్నారు. వద్దన్నచోటల్లా పాత కాపీ పెట్టుకుని చూశాను. అన్నిచోట్లా ఆవిడదే రైటు. ఉంగరం కాస్తా శాలువా అయింది. ప్రతి కామెంట్ కింద జవాబు ఉంది, రోగి చార్టు రాసినంత పొందికగా.

కిటికీలు చూశాను. రెండో అధ్యాయంలో కొట్టివేత రిజెక్ట్. మూడులో రిజెక్ట్. అలా పదమూడో అధ్యాయం దాకా పన్నెండు కిటికీలూ తిరిగి వచ్చేశాయి. నా కామెంట్ కింద ఆమె రాసింది ఇది: 'ఒక్కొక్కళ్ళకీ నేను వేరే వేరేగా తెరిచానమ్మా. ఒకళ్ళకి తెరిచింది ఇంకొకళ్ళకి సరిపోదు కదా. చదివేవాళ్ళకి విసుగొస్తే రానీ.'

పద్నాలుగు మంది, పద్నాలుగు గదులు. నేను లెక్కలో పదమూడు మందికి కిటికీలు మూసేశాను, ఆవిడ ఓపిగ్గా ఒక్కో గదికీ వెళ్ళి తెరిచి వచ్చారు. పుస్తకాన్ని నేనూ తొంభై పేజీలు చదివాను. చదివానని అనుకున్నాను.

పద్నాలుగో అధ్యాయం చివరికి వచ్చాను. అక్కడ గీత అలాగే ఉంది. యాక్సెప్ట్ చేయలేదు, రిజెక్ట్ చేయలేదు. ఫైలు మొత్తంలో మిగిలిన ఎరుపు అదొక్కటే.

మర్చిపోయి ఉంటారు అనుకున్నాను. అంత జాగ్రత్త మనిషి, అలసిపోయి చివరిది వదిలేసి ఉంటారు. ఆమె తరఫున నేనే రిజెక్ట్ నొక్కేద్దామని మౌస్ దాని మీదికి తీసుకెళ్ళాను. పూచీ పడ్డ మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఫోన్ చేశాను.

కుశల ప్రశ్నలయ్యాయి. నేనేదో పొగడబోతే ఆవిడ కొట్టిపారేశారు. చివరి పేజీలో ఒకటి మిగిలిపోయింది ఆంటీ, దాన్ని కూడా వెనక్కి తెస్తా అన్నాను.

"మర్చిపోలేదమ్మా," అన్నారు. "మిగతావన్నీ నువ్వు కొట్టేస్తే, లేదు నేను తెరిచాను అని చెప్పి నొక్కా. ఇక్కడికొచ్చాక వేలు రాలేదు. అందరికీ రాశాను కదా అని ఆయనక్కూడా రాసేశా. ఎన్నిసార్లు చదువుకున్నా నాకే తట్టలేదు. గీత పడ్డాకే తెలిసింది."

ఫోన్ పెట్టకుండానే ఆవిడ కంప్యూటర్ తెరిచారు. ఆ గీత మీదికి ఎలా వెళ్ళాలో, ఏది నొక్కాలో అడిగారు, ఆరువందల సార్లు నొక్కిన మనిషి. నేను చెప్పాను. ఆవిడ యాక్సెప్ట్ నొక్కారు. వాక్యం పోయింది. అధ్యాయం అంతకు ముందు వాక్యంతో ముగిసింది. ఆవిడ నాకు చదివి వినిపించారు: 'ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.'

"నేను తెరవలేదమ్మా," అన్నారు ఆవిడ. "తెరిస్తే వెళ్ళిపోతారు కదా."