అడిగి దిగిన వాళ్ళ అప్పీలు

ఆ రికార్డు కట్ట మా సీనియర్ గారి బల్ల మీదికి వచ్చిన పూట నాకు ఏడుపొక్కటే తక్కువ. రెండు చేతులా ఎత్తితే గడ్డానికి తగిలేంత కట్ట. మైపాడు పక్కన వేట మీద బతికే ఊరొకటి, తమ ఉప్పుటేట్లో రొయ్యల వేటకు తమకే హక్కుందని దావా వేసి కింది కోర్టులో ఓడిపోయింది. హద్దులు రుజువు కాలేదని ఆ జడ్జీ కొట్టేసినాడు. ఏటి పక్క భూముల్ని ఎస్టేటు వాళ్ళ దగ్గర కొన్న ఆసామి మనుషుల్ని కాపలా పెట్టి వలలు దిగనీయకుండా చేసినాడు. తుపాను నెలల్లో సముద్రం మీదికి పడవ పోదు. అప్పుడు ఆ ఊరికి కూడు పెట్టేది ఆ ఏరే. నెల్లూరు కోర్టులో ఆ ఊరి తరపున మేము నడిపే అప్పీలు పోతే ఆ కూడు పోతుంది. కేసంటే ఇంతే.

నేనప్పుడు కొత్త జూనియర్ని. కొడవలూరు దగ్గర మడిలో దిగలేక, నల్లకోటు తగిలించుకుని పెద్దమనిషినైనాను అనుకునే రకం. సీనియర్ గారికి కళ్ళలో పొరలు. అక్షరం ఆనదు. నేను చదవాల, ఆయన వినాల. విన్నా ఒక గంటకు మించి తల నిలవదు. అందుకని కట్టను ముక్కలు చేయమన్నారు. నేను సంచిలో వడ్లు పంచినట్టు సమానంగా పంచి, దారాలు కట్టి పెట్టినాను. ఆయన మొదటి ముక్క చివర చదివించుకుని, "ఇదేందయ్యా, సాక్షిని నడుముకాడ కోసినావు?" అన్నారు.

నిజమే. చీఫు ఒక ముక్కలో, క్రాసు ఇంకో ముక్కలో పడింది. చీఫులో సాక్షి తన ప్లీడరుకు చెప్పింది ఒకటి, క్రాసులో ఎదుటి ప్లీడరు నిలదీస్తే ఒప్పుకున్నది ఇంకొకటి. రెండూ కలిస్తేగాని సాక్ష్యం కాదు. దారాలన్నీ విప్పి మళ్ళా కట్టినాను. ఒక సాక్షి ఒక ముక్క. పొట్టి సాక్షులైతే ఇద్దరు. ఎంత పొడుగు సాక్షి అయినా తెంపేది లేదు.

ముక్క చదవడం అయినాక దాని సారాంశం అరపేజీలో రాయాల. అది సులువే. నా ప్రాణం తీసింది రెండోది. మొత్తం కేసుకు ఒక్కటే సారాంశం, సంగతి సంగతికీ పైన ఒక తలకట్టు పెట్టి, అన్ని ముక్కలకీ అదే. కొత్త ముక్క ఎత్తుకునే ముందర దాన్ని మొదట్నించీ పైకి చదవాల. చదివిన తర్వాత కొత్త సంగతి పాత తలకట్టు కింద ఇముడుతుందేమో చూడాల. ఇమడకపోతేనే కొత్త తలకట్టు. ఒక సాక్షి ఏరంటాడు, ఒకడు కయ్య అంటాడు, ఇంకొకడు మొగ అంటాడు. మూడూ ఒకటేనని తేలినాక మా కాగితంలో ఉప్పుటేరు అనే ఉండాల. ప్రతి మాట పక్కనా రికార్డు పేజీ నంబరు. వెనకటి ముక్కలో మాటను కొత్త ముక్క కాదంటే పాత వాక్యం దిద్దాల. అడుగున 'తేలని సంగతులు' అని ఒక తలకట్టు. "అది ఖాళీ అయ్యేదాకా మనకు కేసు తెలిసినట్టు కాదు," అనేవారు. ఎన్నిసార్లు తిరగ రాసినానో. చెయ్యి పడిపోయేది. లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి కూడా.

ఆ ఊరి పెద్దాయన వారం వారం బస్సెక్కి వచ్చి మా వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. కట్టలో చివరి సాక్షి ఆయనే. "ఈ వారం ఏం తేలింది సామీ?" అని అడిగేవాడు. సీనియర్ గారికి ఆయనంటే జాలి. ఆ వారం ముక్కలో ఉన్న మంచి చెప్పి పంపేవారు. తాతల నాటినించీ మీరే వేటాడినారని కరణం చెప్పినాడయ్యా, ఎవరూ అడ్డం రాలేదని ఎస్టేటు గుమాస్తా కూడా ఒప్పుకున్నాడయ్యా, అని. ఆ మాటలు ఊరికి పోయి తీర్పులయిపోయినాయి. వినీ వినీ ఊరంతా రొయ్య వలలు కొత్తవి అల్లడం మొదలుపెట్టిందని ఆయనే నవ్వుతా చెప్పినాడు. అప్పుడు నాకూ సంతోషమే అయింది.

మొదటి సాక్షి క్రాసులో ఒక చిన్న మాట వచ్చింది. తొలి వేటకు ముందర తాంబూలంతో ఎస్టేటు కచేరీకి పోతాం అన్నాడు. మర్యాదలే అని వదిలేస్తుంటే, "తేలని సంగతుల్లో వెయ్," అన్నారు సీనియర్ గారు. కరణం ముక్కలో, తాంబూలం తేవడం నేనూ చూసినాను అని ఉంది. పేజీ నంబరు చేర్చినాను. గుమాస్తా ముక్కలో, ఒక ఏడాది ఎస్టేటు దొర మద్రాసు పోయుంటే ఆయన వచ్చిందాకా వీళ్ళు వల దించలేదు అని ఉంది. మళ్ళా చేర్చినాను. విడివిడిగా చూస్తే ఏ ముక్కలోనూ అది లెక్కలోకి వచ్చే మాట కాదు. అరపేజీ సారాంశాల్లో దేనిలోనూ దానికి చోటు దొరకలేదు.

చివరి ముక్క పెద్దాయనది. ఎదుటి ప్లీడరు వేరే ఏదో అడగబోతా, దారిలో అడిగినాడు: దొర వద్దంటే ఏం చేసేవాళ్ళు? ఈయన జవాబు: "వద్దంటే ఎట్టా దిగుతాం సామీ? అడక్కుండా ఇంకొకరి నీళ్ళలో దిగేది మా ఇంటా వంటా లేదు."

నేను చదవడం ఆపినాను. సీనియర్ గారు మొత్తం సారాంశం మొదట్నించీ చదవమన్నారు. చదివినాను. అడుగున ఉన్న తాంబూలం దగ్గరికి వచ్చి, మూడు పేజీ నంబర్లూ రెండుసార్లు చదివినాను. "దాన్ని పైకి తే," అన్నారు. 'వాడుక హక్కు' అన్న తలకట్టు కొట్టేయించి 'అనుమతి' అని రాయించినారు. హక్కుగా వాడుకుంటేనే హక్కు పుడుతుంది. ఒకరిని అడిగి, వాళ్ళు సరేనంటే వాడుకున్నది, వెయ్యేళ్ళు వాడినా హక్కు కాదు. ఆ ఒక్క మాట మారేసరికి కింద ఉన్నవన్నీ, తాతల నాటి వేటతో సహా, మాకే ఎదురు తిరిగినాయి. రాతంతా పొందికగా ఉంది. ఒక్క బొక్క లేదు. దాన్ని చింపి పారేద్దామనిపించింది.

పెద్దాయన వస్తే సీనియర్ గారు దాచలేదు. అంతా విని, "ఆ మాట తీసెయ్యండి సామీ," అన్నాడు ఆయన.

"నా కాగితంలో తీసేస్తాను. రికార్డులోంచి ఎట్టా తీసేది?"

"ఎదుటి ప్లీడరు చూసినాడా?"

"చూసినట్టు లేడు. జడ్జీ గారు చదివే మనిషి."

చదివే మనిషే. హద్దుల మీద మేము గెలిచినాము. ఎదుటి ప్లీడరు తాంబూలం ఊసే ఎత్తలేదు. వాదన ముగిసేటప్పుడు జడ్జీ గారే పేజీ నంబరు చెప్పి, ఈ సాక్షి జవాబుకు మీరేమంటారు అని అడిగినాడు. సీనియర్ గారు లేచి మర్యాద అన్నారు, ఆచారం అన్నారు. ఆయన గొంతు నాకు తెలుసు, అందులో నమ్మకం లేదు. అడిగి వాడుకున్నది హక్కు కాదని అప్పీలు కొట్టేసినారు.

కోర్టు మెట్ల కాడ పెద్దాయన నా పక్కనే నిలబడినాడు. నేను సీనియర్ గారిని రిక్షా ఎక్కించి వచ్చిందాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు. నాకు ఆ మనిషి మొహం చూడాలంటే భయం. ఊరికి బస్సుంది పొండి అందామనుకునేలోపల ఆయనే పలకరించినాడు.

"అబ్బయ్యా, ఒక మాట," అన్నాడు. "మా పెద్దోళ్ళు అడక్కుండా దిగుంటే, ఆ ఏరు మాదయ్యేదా?"

అయ్యేదని చెప్పినాను.

ఆయన తలగుడ్డ విప్పి మళ్ళా చుట్టుకున్నాడు. "ఈ మాట నేను ఊళ్ళో చెప్పను. ఓడిపోయినామని మాత్రం చెప్తాను," అన్నాడు.